ఇటాలియన్ వ్యాసంలోకి తెలుగు దారిన వచ్చే కపటమిత్రాలు

వరంగల్ విద్యార్థి ఒకరు ఇటాలియన్‌లో తన కుటుంబం గురించి రాస్తూ ‘మియొ పాద్రె లవోరా ఇన్ ఉనా ఫత్తొరీయా ది కొతోనె’ అని రాశారనుకుందాం. వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. క్రియ కర్తకు సరిపోయింది, లింగం సరిపోయింది, అక్షరదోషమూ లేదు. ‘మా నాన్న పత్తి పొలంలో పనిచేస్తారు’ అని అర్థం చేసుకుని చదివేవారు ముందుకు వెళ్లిపోతారు. కానీ ఆ తండ్రి పనిచేసేది పొలంలో కాదు, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులో. ‘ఫత్తొరీయా’ అంటే ఫ్యాక్టరీ అని రాసినవారి నమ్మకం. ఇటాలియన్‌లో ఆ మాటకు అర్థం పశువులు, పంటలు ఉండే వ్యవసాయ క్షేత్రం. ఫ్యాక్టరీని వాళ్లు ‘ఫాబ్బ్రికా’ అంటారు.

రెండు భాషల్లో ఒకేలా కనిపించి, వినిపించి, అర్థంలో మాత్రం వేరుపడే ఇలాంటి మాటలను ఇటాలియన్లు ‘ఫాల్సి అమీచి’ అంటారు. తెలుగులో కపటమిత్రాలు అనుకోవచ్చు. వీటి అసలు ప్రమాదం అర్థం మారడంలోకన్నా, మారిన సంగతి ఎవరికీ తెలియకపోవడంలో ఉంది. మాట గుర్తురాకపోతే విద్యార్థి తడబడతాడు, నిఘంటువు తీస్తాడు. కపటమిత్రం దగ్గర తడబాటే ఉండదు. ఎర్రకలంతో దిద్దేవారి చూపు కూడా తప్పుల కోసమే వెతుకుతుంది కాబట్టి, తప్పులేని వాక్యంలో కూర్చున్న తప్పు మాట వారి కళ్లలోనూ పడదు.

దీనికి మార్కెట్లో దొరికే మందు ఇంగ్లీషు-ఇటాలియన్ కపటమిత్రాల జాబితా. దాన్ని బట్టీపట్టిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. తెలుగు విద్యార్థికి అది సగమే పనిచేస్తుంది. తెలుగుకూ ఇటాలియన్‌కూ నేరుగా చుట్టరికం లేదు. మధ్యలో ఇంగ్లీషు ఉంది. అయితే ఆ ఇంగ్లీషు లండన్‌లో మాట్లాడే ఇంగ్లీషు కాదు. తెలుగు వాక్యంలో ఇమిడిపోయి, తెలుగు అర్థం తొడుక్కున్న ఇంగ్లీషు మాట అది. వ్యాసంలో కపటమిత్రాన్ని పట్టుకోవాలంటే ఇంగ్లీషు మాటతో ఆగకుండా, దాని వెనకున్న తెలుగు వాక్యం దాకా వెళ్లాలి. ఒక పేరా తీసుకుని చూస్తే ఇది తేటపడుతుంది. ఈ విశ్లేషణ కోసం కూర్చిన నమూనా ఇది, ఒక ఏడాదిపాటు ఇటాలియన్ నేర్చుకున్న విద్యార్థి స్థాయిలో.

‘వీవొ కొన్ ఇ మియేయి పరెంతి ఆ వరంగల్. సియామొ క్వాత్త్రొ. మియొ పాద్రె ఎ ఉన్ వోమొ ఎదుకాతొ ఎ లవోరా ఇన్ ఉనా ఫత్తొరీయా ది కొతోనె. ఒ స్తుదియాతొ ఇన్ ఉన్ కొల్లేజొ ఆ హనుమకొండ. ఓన్యి సేరా లెగ్గొ ఇన్ లిబ్రెరీయా ఫీనొ ఆల్లె నోవె. దొమేనికా సియామొ అందాతి ఆ రామప్ప ఎ ఒ ఫాత్తొ మోల్తె ఫోతొ కొన్ లా కామెరా ది మియొ ఫ్రతెల్లొ. పోయి అబ్బియామొ మంజాతొ ఇన్ ఉన్ ఒతెల్.’

రాసినవారు చెప్పదలచుకున్నది ఇది: ‘వరంగల్‌లో మా పేరెంట్స్‌తో ఉంటాను. మేం నలుగురం. మా నాన్న చదువుకున్న మనిషి, పత్తి ఫ్యాక్టరీలో పనిచేస్తారు. హనుమకొండలో కాలేజీలో చదివాను. రోజూ సాయంత్రం తొమ్మిదింటి దాకా లైబ్రరీలో చదువుకుంటాను. ఆదివారం రామప్పకు వెళ్లాం, అన్నయ్య కెమెరాతో చాలా ఫొటోలు తీశాను. తర్వాత హోటల్లో తిన్నాం.’

వరంగల్ ఎక్కడుందో తెలియని ఇటాలియన్ పాఠకుడికి అందేది ఇది: ‘వరంగల్‌లో బంధువుల దగ్గర ఉంటాను. మేం నలుగురం. మా నాన్న మర్యాద తెలిసిన మనిషి, పత్తి పండించే క్షేత్రంలో పనిచేస్తారు. హనుమకొండలో హాస్టల్ ఉన్న బడిలో చదివాను. రోజూ సాయంత్రం తొమ్మిదింటి దాకా పుస్తకాల షాపులో పుస్తకాలు చదువుతాను. ఆదివారం రామప్పకు వెళ్లాం, అన్నయ్య గదితో చాలా ఫొటోలు తీశాను. తర్వాత బస చేసే పెద్ద హోటల్లో భోంచేశాం.’

ఈ రెండు తెలుగు పేరాలను పక్కపక్కన పెట్టడమే కపటమిత్రాలను పట్టే మొదటి పని. దిద్దేవారు వ్యాసం చదువుతూ, తమకు తెలిసిన నేపథ్యాన్నంతా పక్కనపెట్టి, ఇటాలియన్ ఏం చెబుతోందో అదే తెలుగులో ఒక కాగితం మీద రాయాలి. విద్యార్థి ఏం చెప్పదలచుకుని ఉంటాడో ఊహించి రాయకూడదు. వరంగల్‌లో ఇటాలియన్ చెప్పే తెలుగువారికి ఇది కష్టమైన పని, ఎందుకంటే విద్యార్థికి ఎదురైన తెలుగు-ఇంగ్లీషు వంతెన వారి మనసులోనూ ఉంది. ‘కామెరా’ అని చూడగానే వారికీ ఫొటో తీసే కెమెరాయే కనిపిస్తుంది.

పై పేరాలో వాక్యమే కేకవేసి పట్టించే మాట ఆ ‘కామెరా’ ఒక్కటే. గదితో ఫొటోలు తీయడం కుదరదు కాబట్టి ఎవరైనా ఆగుతారు. ఇటాలియన్‌లో గది అనే అర్థమున్న ‘కామెరా’, మన కెమెరా రెండూ ఒకే లాటిన్ మాట బిడ్డలు. చీకటి గదిలో చిన్న రంధ్రం గుండా వెలుగు వచ్చి ఎదుటి గోడ మీద తలకిందుల బొమ్మ వేసే ఏర్పాటును ‘కామెరా ఒబ్స్‌క్యూరా’ అనేవారు, అంటే చీకటి గది. ఇంగ్లీషు దానిలో గదిని మిగుల్చుకుని చీకటిని వదిలేసింది, ఆ ముక్కే పరికరం పేరుగా తెలుగుకూ వచ్చింది. ఇటాలియన్‌లో గది గదిగానే ఉండిపోయింది. పరికరాన్ని ‘మాక్కినా ఫొతొగ్రాఫికా’ అనో, ‘ఫొతొకామెరా’ అనో అంటారు. ఇది తేలికైన కేసు. మిగతావన్నీ నోరు మెదపకుండా కూర్చునేవే.

‘ఫత్తొరీయా’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తెలివైన విద్యార్థే ఇక్కడ ఎక్కువగా పడతాడు. లాటిన్‌లో ‘క్త’ ఉన్న చోట ఇటాలియన్‌లో ‘త్త’ వస్తుంది. ‘ఒక్తో’ అనే ఎనిమిది ‘ఒత్తొ’ అయింది, ‘నోక్తెమ్’ అనే రాత్రి ‘నొత్తె’ అయింది. తెలుగువారికి ఈ మార్పు కొత్త కాదు. సంస్కృతం ‘భక్తి’ తద్భవంగా ‘బత్తి’ అయినట్టే, ‘శక్తి’ ‘సత్తి’ అయినట్టే ఉంటుంది. ఈ సూత్రం పసిగట్టిన విద్యార్థి ‘ఫ్యాక్టరీ’లోని ‘క్ట’ను ‘త్త’ చేసి, చివర అచ్చు చేర్చి ‘ఫత్తొరీయా’ తయారుచేస్తాడు. నిఘంటువు తీస్తే ఆ మాట నిజంగానే కనిపిస్తుంది. పోలిక కుదిరిందని తృప్తిపడి, అర్థం చదవకుండానే మూసేస్తాడు.

అతని సూత్రం తప్పు కాదు. రెండు మాటలూ నిజంగా ఒకే మూలం నుంచి వచ్చాయి. ఇటాలియన్‌లో ‘ఫత్తోరె’ అంటే భూస్వామి తరఫున పొలం వ్యవహారాలు చూసే మనిషి, అతని అధీనంలో ఉండేది ‘ఫత్తొరీయా’. ఇంగ్లీషులో ‘ఫ్యాక్టర్’ అంటే వ్యాపారి తరఫున సరుకు కొని అమ్మే గుమాస్తా, అతను కూర్చునే కొట్టు ‘ఫ్యాక్టరీ’. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో పెట్టిన ‘ఫ్యాక్టరీ’ ఆ అర్థంలోనిదే, అక్కడ యంత్రాలు లేవు. యంత్రాల కర్మాగారం అనే అర్థం తర్వాత స్థిరపడింది. కాబట్టి మూలం ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటని నమ్మకూడదు.

పత్తి మాట పక్కన చేరడంతో వరంగల్ విద్యార్థి విషయంలో ఈ తప్పు మరింత దాగిపోతుంది. ‘ఫత్తొరీయా’లో కార్లు తయారవుతాయని రాస్తే పాఠకుడు నవ్వుతాడు, తప్పు బయటపడుతుంది. కానీ వరంగల్ చుట్టూ పత్తి పొలాలూ ఉన్నాయి, జిన్నింగ్ మిల్లులూ ఉన్నాయి. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి వెనక రైతూ ఉన్నాడు, మిల్లు కార్మికుడూ ఉన్నాడు. రెండు అర్థాలూ అతికేచోట సందర్భం సాయం చేయదు. ఒక చిన్న ఆనవాలు మాత్రం ఉంది: పత్తి పక్కన ఇటాలియన్లు సహజంగా వాడే మాట ‘కాంపొ’ (చేను) లేదా ‘పియంతజోనె’ (తోట). ‘ఫత్తొరీయా ది కొతోనె’ జంటగా ఎక్కువగా కనిపించదు. అలవాటులేని జంట కనిపించినప్పుడు అనుమానించాలి. నూలు, బట్ట తీసే మిల్లయితే ‘కొతొనిఫీచొ’ అనే ఒక్క మాట ఉంది. జిన్నింగ్ మిల్లుకైతే గింజ తీసే పనికి ఉన్న ‘స్గ్రనతూరా’ అనే మాటతో కలిపి చెప్పాలి.

ఇక్కడ దిద్దాక ఇంకో గుంట ఎదురవుతుంది. ఫ్యాక్టరీ అంటే ‘ఫాబ్బ్రికా’ అని నేర్పగానే, వరంగల్ దుర్రీల గురించి రాయమన్నప్పుడు అదే విద్యార్థి బట్టకు ‘ఫాబ్బ్రికా’ అని రాస్తాడు. ఫ్యాబ్రిక్ అనే మాట చీరల షాపుల పుణ్యమా అని ప్రతి ఇంట్లో తెలుసు మరి. బట్టకు ఇటాలియన్ మాట ‘తెస్సూతొ’. ఈ మూడు మాటలనూ విడివిడిగా కాకుండా ఒకే రోజు, ఒకే పాఠంలో చెప్పడం మేలు.

‘లెగ్గొ ఇన్ లిబ్రెరీయా’ అనే జంట ఈ పేరాలో అన్నిటికన్నా లోతైనది. ‘లిబ్రెరీయా’ అంటే పుస్తకాలమ్మే షాపు, లేదా ఇంట్లో పుస్తకాల అర. గ్రంథాలయం ‘బిబ్లియొతేకా’. ఇది ప్రతి జాబితాలోనూ ఉంటుంది, చాలామంది ఉపాధ్యాయులు పట్టుకుంటారు. పట్టుకుని ‘లెగ్గొ ఇన్ బిబ్లియొతేకా’ అని దిద్ది తృప్తిపడతారు. అది ఇప్పటికీ తప్పే. ‘లెగ్గొ’ అంటే పుస్తకమో పత్రికో చదువుతాను అని మాత్రమే. పరీక్షకు తయారవుతాను అనడానికి ‘స్తూదియొ’ అనాలి. తెలుగులో ‘చదువు’ రెంటికీ చెల్లుతుంది. పేపరు చదువుతాం, ఇంటర్ చదువుతాం, గ్రూప్స్‌కూ చదువుతాం. విద్యార్థి మనసులో ఉన్నది ‘లైబ్రరీలో చదువుతా’ అనే తెలుగు వాక్యం. అందులో లైబ్రరీ ఇంగ్లీషు దారిన తప్పింది, చదువు తెలుగు దారిన తప్పింది. రెండు తప్పులూ కలిసి పుస్తకాల షాపులో పుస్తకం తిరగేసే మనిషి బొమ్మను గీశాయి. ఒకదాన్నొకటి కాపాడుకుంటున్న తప్పులివి. ఇంగ్లీషు జాబితా వీటిలో ఒకదాన్నే పట్టగలదు.

పాఠకుడికి అనుమానం రావాల్సింది ‘తొమ్మిదింటి దాకా, రోజూ’ అన్నచోట. షాపులో రోజూ అంతసేపు ఎవరూ కూర్చోరు. సమయం, తరచుదనం, మనుషుల సంఖ్య, డబ్బు లాంటివి వాక్యంలో ఉన్నప్పుడు మాట అర్థం వాటితో పొసగుతోందో లేదో చూడటం మంచి అలవాటు. ఇక హనుమకొండలో ఇప్పుడు పోటీ పరీక్షలవాళ్లు డబ్బు కట్టి కూర్చునే స్టడీ హాలు ఉద్దేశమైతే, ‘బిబ్లియొతేకా’ కన్నా ‘సాలా స్తూదియొ’ దగ్గరగా ఉంటుంది. ఏది నిజమో రాసినవారినే అడగాలి.

‘పరెంతి’ విషయంలోనూ సంఖ్యే పట్టిస్తుంది. ఆ మాటకు బంధువులని అర్థం, తల్లిదండ్రులకు ‘జెనితోరి’ అనాలి. చదువు కోసం పల్లె నుంచి వచ్చి బాబాయి ఇంట్లో ఉండేవారు వరంగల్‌లో ఎందరో ఉన్నారు, కాబట్టి ఆ వాక్యం ఒంటరిగా నిలబడగలదు. వెంటనే ‘మేం నలుగురం’ అని, ఆపై నాన్న గురించి చెప్పడంతో బండారం బయటపడుతుంది. ఇక్కడ గమనించాల్సింది మరొకటి ఉంది. తెలుగులో తల్లిదండ్రులు, బంధువులు అని రెండు స్పష్టమైన మాటలున్నాయి. వాటితో ఆలోచించి ఉంటే ఈ పొరపాటు పుట్టదు. రోజువారీ మాటల్లో తల్లిదండ్రుల స్థానాన్ని పేరెంట్స్ తీసుకోవడం వల్లే పుట్టింది. రాసే ముందు ఆ చోట సొంత తెలుగు మాట పెట్టుకోమనడం ఈ రకం తప్పులకు చాలా గట్టి విరుగుడు.

అదే పేరాలో ‘ఫ్రతెల్లొ’ కూడా చిక్కే. నలుగురిలో నాన్న, అమ్మ, రాసినవారు, చెల్లెలు ఉన్నారని తర్వాతి పేరాలో తేలితే, కెమెరా ఇచ్చిన అన్నయ్య ఎవరు? పెద్దనాన్న కొడుకు. మనకు ఆయన అన్నయ్యే, ఇటాలియన్‌లో ‘కుజీనొ’. ధ్వనిలో పోలిక లేదు కాబట్టి దీన్ని కపటమిత్రం అనలేం, కానీ అదే వలలో పడుతుంది.

‘ఎదుకాతొ’ను పట్టడానికి వేరే ఉపాయం కావాలి, ఎందుకంటే చదువుకున్న నాన్న మర్యాదస్తుడు కూడా కావచ్చు, పేరాలో ఏదీ దానితో తగాదా పడదు. వాక్యాన్ని వ్యతిరేకార్థంలోకి తిప్పి చూడాలి. ‘మియొ పాద్రె నొన్ ఎ ఎదుకాతొ’ అని రాస్తే, మా నాన్న బడికి వెళ్లలేదు అని చెప్పబోయి, మా నాన్నకు మర్యాద తెలియదు అన్నట్టవుతుంది. చదువుకునే అవకాశం దొరకని తండ్రి గురించి గౌరవంగా రాసిన వాక్యం ఆయన్ను అవమానించినట్టు తేలడం చిన్న విషయం కాదు. చదువుకున్న అనడానికి ‘ఇస్త్రుయీతొ’ సరైనది. మన ‘సంస్కారం’ అనే మాటకు దగ్గరగా వచ్చేది ‘ఎదుకాతొ’.

‘ఒతెల్’ దగ్గర ఇంగ్లీషు జాబితాలన్నీ చేతులెత్తేస్తాయి. ఇంగ్లీషు హోటల్, ఇటాలియన్ ఒతెల్ ఒకటే, రెంటికీ బస చేసే చోటని అర్థం. కనుక ఇవి కపటమిత్రాలు కావని జాబితా చెబుతుంది, నిజమే. కానీ తెలుగులో హోటల్ అంటే ముందుగా తినే చోటు. ఇడ్లీ, చాయ్ దొరికే రేకుల షెడ్డూ హోటలే. తేడా తెలుగుకూ ఇటాలియన్‌కూ మధ్య ఉంది, ఇంగ్లీషు కేవలం మాటను మోసుకొచ్చింది. రామప్ప చూసి వస్తూ దారిపక్కన తిన్న కుటుంబం ఇటాలియన్ పాఠకుడికి ఖరీదైన చోట భోంచేసినట్టు కనిపిస్తుంది. ‘రిస్తొరాంతె’ అనవచ్చు. సాదాసీదా చోటయితే ‘త్రత్తొరీయా’. వండిపెట్టినవి వేడిగా వడ్డించే టిఫిన్ సెంటర్ లాంటిదైతే ‘తావొలా కాల్దా’ బాగా అతుకుతుంది.

ఇక ‘కొల్లేజొ’. కాలేజీ అనబోయి కొల్లేజొ అన్నారని జాబితా చూసినవారు వెంటనే కొట్టేస్తారు. తొందరపడకూడదు. ఇటాలియన్‌లో ఆ మాటకు ఉన్న ముఖ్యమైన అర్థాల్లో ఒకటి, పిల్లలు అక్కడే ఉండి చదువుకునే సంస్థ. తెలంగాణలో గురుకులంలో చదివిన విద్యార్థికి అది సరిగ్గా సరిపోయే మాట. ఇంటర్ జూనియర్ కాలేజీ ఉద్దేశమైతే ‘స్కువోలా సుపెరియోరె’ అనాలి, డిగ్రీ అయితే ‘ఉనివెర్సితా’. మన ‘కాలేజీ’ ఈ రెంటినీ కలిపి మోస్తుంది. గురుకులం విద్యార్థి తెలిసే రాశాడా, అదృష్టం కొద్దీ కుదిరిందా అన్నది కాగితం మీద తెలియదు. ఒప్పుగా ఉన్న మాటను తప్పని దిద్దితే ఆ పిల్లవాడు తన చదువు గురించి నిజాన్ని చెరిపేసుకుని మరోటి రాస్తాడు. అందుకే ఇలాంటి చోట కొట్టివేత కన్నా, మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టి ‘ఇది గురుకులమా, ఇంటరా?’ అని తెలుగులో రాయడం సరైన పద్ధతి.

ఈ జాగ్రత్తకు ఇంకో కారణం ఉంది. లాటిన్ దారిన వచ్చిన ఇంగ్లీషు మాటల్లో ఎక్కువ భాగం ఇటాలియన్‌లో అదే అర్థంతో ఉన్నాయి. ‘ఇంపొర్తాంతె’, ‘ఫమోజొ’, ‘ప్రొబ్లేమా’ నిజమైన మిత్రులే. పోలికను నమ్మడం వల్ల విద్యార్థికి నష్టం కన్నా లాభమే ఎక్కువ. దొరికిన ప్రతి పోలికనూ అనుమానించమని భయపెడితే అతను సరైన మాటలను కూడా వదిలేసి, వాక్యాలను పొట్టిగా, పేదగా రాయడం మొదలుపెడతాడు. అందువల్ల అనుమానం ఒక చిన్న గుంపుకే పరిమితం కావాలి: ఇటాలియన్ మాటను పోలిన మాట రోజూ తెలుగు సంభాషణలో దొర్లుతూ ఉంటే, దాన్ని ఒకసారి పరీక్షించాలి. కెమెరా, పేరెంట్స్, ఫ్యాక్టరీ, లైబ్రరీ, కాలేజీ, హోటల్ అన్నీ అలాంటివే.

రాసినవారు పక్కనుంటే ఈ పరీక్ష సులువు. దిద్దేవారు తయారుచేసిన తెలుగు పేరాను వారి చేతికిచ్చి, ‘మీరు చెప్పింది ఇదేనా?’ అని అడిగితే చాలు. తొలి వాక్యంలోనే ‘కాదండీ, బంధువులు కాదు’ అంటారు. పరీక్ష గదిలో ఆ వీలు లేదు. సియెనాలోని విదేశీయుల విశ్వవిద్యాలయం వారి చిల్స్, పెరూజాలోని విదేశీయుల విశ్వవిద్యాలయం వారి చెలి వంటి ఇటాలియన్ భాషా పరీక్షల్లో జవాబు పత్రం దిద్దేవారికి పత్తి పొలానికీ మిల్లుకూ తేడా కాగితం మీద ఉన్నదాన్ని బట్టే తెలియాలి. అక్కడ రాసినవారే రెండు పాత్రలూ పోషించాలి. చివరి పది నిమిషాల్లో అక్షరదోషాలు వెతికే ముందు, వ్యాసంలో తెలుగు ఇంట్లో రోజూ వినిపించే మాటలను పోలిన నామవాచకాలకు పెన్సిల్‌తో సన్నగా గీత గీసుకోవాలి. పేజీకి నాలుగైదుకు మించవు. ప్రతిదాని దగ్గరా ఆ స్థానంలో ఇంగ్లీషు తగలని తెలుగు మాట పెట్టి చూడాలి. ఆ తెలుగు మాటకు ఇటాలియన్ మాట వెంటనే గుర్తొస్తే దాన్ని రాయాలి. రాకపోతే ఆ మాటను విడదీసి చెప్పాలి. ‘బిబ్లియొతేకా’ స్ఫురించకపోతే ‘పుస్తకాలు ఉండే, మేం కూర్చుని చదువుకునే చోటు’ అని తెలిసిన ఇటాలియన్ మాటలతోనే రాయవచ్చు. అది కాస్త పొడవైనా అర్థం చెడదు.